నాన్నగారి పాత బుల్లెట్: ఒరిజినల్ పెయింట్, క్రోమ్ పోకుండా మెరుగు పెట్టడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారి 1986 బుల్లెట్ స్టాండర్డ్ 350, నలుపు రంగు. కాకినాడలో చాలా ఏళ్లు షెడ్డులో ఉండిపోయింది. ట్యాంకు బూడిద రంగుకు తిరిగింది, గోల్డ్ లైన్లు మాత్రం ఇంకా ఉన్నాయి. హెడ్‌లైట్ రింగు, హ్యాండిల్, రిమ్ముల మీద తుప్పు చుక్కలు. పెయింటర్ మొత్తం గీకి కొత్తగా వేస్తానంటున్నాడు, క్రోమ్ కూడా కొత్తగా వేయించమంటున్నాడు. నాకు నాన్న నడిపిన బండిలాగే ఉండాలి. పాలిష్‌తో ఎంతవరకు వస్తుంది? ఎక్కడ ఆగాలి?

సమాధానం:

ముందు పెయింటర్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. ఆయన పని ఆయనకు బాగానే వచ్చి ఉండొచ్చు, కానీ గీకిన పెయింటు మళ్లీ రాదు. గోల్డ్ లైన్లు ఇంకా ఉన్నాయన్నారు చూడండి, మీ బండికి అసలు విలువ అక్కడే ఉంది. ఆ రోజుల్లో మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ఆ గీతలు చేత్తో, బ్రష్షుతో గీసేవాళ్లు. స్టిక్కర్ కాదు. దగ్గరికెళ్లి చూస్తే ఒకచోట కాస్త లావుగా, ఇంకోచోట సన్నగా, మలుపు దగ్గర బ్రష్షు ఎత్తిన గుర్తు కూడా కనపడొచ్చు. ఇవాళ ఎంత మంచి పెయింటరైనా కొత్త గీతలు గీయగలడేమో గానీ, అవే గీతలు తేలేడు.

పెయింటు సంగతి ముందు చెప్తాను, క్రోమ్ తర్వాత. రెండింటి జబ్బు వేరు, మందు కూడా వేరు.

మీ ట్యాంకు మీద ఉన్నది చాలావరకు సింగిల్ స్టేజ్ ఎనామిల్ అయి ఉంటుంది. అంటే రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో ఉంటాయి, ఇప్పటి బళ్లలాగా రంగు మీద వేరే క్లియర్ కోటు ఉండదు. ఎండకీ గాలికీ ఆ పొర పైభాగం ఎండిపోయి, చచ్చిన రంగు పొడిలాగా పైన పేరుకుంటుంది. మీకు కనిపించే బూడిద రంగు అదే. దాని కింద నలుపు నలుపులాగే ఉంటుంది. అనుమానముంటే సీటు కింద దాక్కునే ట్యాంకు వెనక అంచు దగ్గర, ఎవరికీ కనపడని చోట, తెల్ల బనియన్ గుడ్డకి కొంచెం పాలిష్ రాసి మెల్లగా రుద్దండి. గుడ్డకి నలుపు అంటితే సింగిల్ స్టేజే, ఇక్కడ నుంచి నేను చెప్పేదంతా మీకు పనికొస్తుంది. గుడ్డ తెల్లగానే ఉండి, ట్యాంకు మీద తెల్ల మచ్చలు పొరలు పొరలుగా లేస్తుంటే మధ్యలో ఎప్పుడో ఎవరో క్లియర్ కొట్టించారని అర్థం. లేచిపోతున్న క్లియర్‌ని పాలిష్ బాగు చేయలేదు, అది వేరే కథ.

ఇంకో పని చేయండి. ట్యాంకుకి రెండు పక్కలా మోకాళ్లు ఆనే రబ్బరు ప్యాడ్లు ఉంటే, ఒకటి జాగ్రత్తగా తీసి చూడండి. దాని కింద ఎండ తగల్లేదు కాబట్టి నాన్నగారు షోరూమ్ నుంచి తెచ్చుకున్న రోజు ఉన్న నలుపు అక్కడ కనపడుతుంది. మీరు చేరుకోవాల్సింది ఆ రంగుకి, అంతకు మించి కాదు. ప్యాడ్ కింద తడి నిలిచి తుప్పు పట్టి ఉండే అవకాశం కూడా ఉంది, ఉంటే ఇప్పుడే తెలిసిపోవడం మంచిది. ప్యాడ్ అంటుకుపోయి రాకపోతే మాత్రం స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించకండి, పెయింటుతో సహా వస్తుంది.

పెట్రోలు ఖాళీ చేసి ట్యాంకు విప్పి, నీడలో, పాత దుప్పటి మీద పెట్టుకుని చేయండి. అగ్గి, సిగరెట్టు దరిదాపుల్లో ఉండకూడదు. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. కార్ షాంపూతో, నిండా నీళ్లతో కడగండి. బట్టల సర్ఫు వద్దు. వాటర్ సర్వీసింగ్‌కి అస్సలు తీసుకెళ్లకండి, ఆ ప్రెషర్‌కి ఎక్కడైనా పెయింటు అంచు లేచి ఉంటే పెచ్చు ఊడొస్తుంది, బండి మీదైతే హబ్బుల్లోకి, బేరింగుల్లోకి కూడా నీళ్లు పోతాయి. జిడ్డు ఉన్న చోట గుడ్డకి కొంచెం కిరోసిన్ తడిపి తుడిచి, మళ్లీ షాంపూతో కడిగేయండి.

ఇక్కడిదాకా వచ్చాక అందరూ చేసేది రబ్బింగ్ కాంపౌండ్ తీసి రుద్దడం. వెంటనే మెరుస్తుంది, నిజమే. కానీ కాంపౌండ్ అంటే మెత్తటి ఇసుకలాంటిదే, అది పెయింటుని అరగదీసి మెరిపిస్తుంది. ఫ్యాక్టరీ పెయింటు మొత్తం మందం సుమారు వంద మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక కన్నా కాస్త ఎక్కువ, అందులో ప్రైమర్ కూడా కలిసే ఉంటుంది. ట్యాంకు అంచుల మీద, మలుపుల మీద ఇంకా తక్కువ. ఇన్నేళ్లలో ఎవరెవరు ఎన్నిసార్లు రుద్దారో మీకు తెలీదు. అందుకని ముందు నూనె పట్టించాలి, రుద్దడం చివర్న.

నూనె అంటే కొబ్బరినూనె కాదు, పాత ఇంజినాయిల్ అసలే కాదు. చాలామంది డీజిల్ గుడ్డతో తుడిచేస్తారు, ఒక్కరోజు నిగనిగలాడుతుంది, మర్నాటికి దుమ్మంతా అంటుకుని ఆ దుమ్మే తర్వాత తుడుపులో గీతలు పెడుతుంది. మీకు కావాల్సింది గ్లేజ్ అనే రకం పాలిష్. ఇందులో గీకే పొడి దాదాపు ఉండదు, నూనెలు ఎక్కువ. సింగిల్ స్టేజ్ పెయింట్లకి పాతకాలం నుంచి వాడుతున్నది మెగ్వయర్స్ నంబర్ 7, ఆన్‌లైన్‌లో వెతకండి. అది కాకపోయినా గీకే గుణం లేని గ్లేజ్ ఏదైనా సరే.

ట్యాంకు చల్లగా ఉందో లేదో అరచేయి వెనకవైపు ఆనించి చూసుకోండి. పాత టర్కీ టవల్ ముక్కకి గ్లేజ్ బాగా పట్టించి, పిసినారితనం లేకుండా, ట్యాంకు మీద పొడుగ్గా ముందుకీ వెనక్కీ రుద్దండి. రుద్దడం అంటే బలంగా నొక్కమని కాదు, పెయింటులోకి నూనె ఇంకాలని. గుడ్డ నల్లబడుతుంది, కంగారు పడకండి, అది పైన చచ్చిన రంగు. గుడ్డ ముఖం మారుస్తూ ఉండండి, లేకపోతే తీసిన మట్టినే మళ్లీ పూస్తున్నట్టు. అయ్యాక ఇంకో చేయి లావుగా పూసి రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున మెత్తటి గుడ్డతో తుడిచి చూస్తే బూడిద రంగు సగం పైన తగ్గి ఉంటుంది. ఇంకోసారి అలాగే చేయండి. కొన్ని ట్యాంకులు ఇంతటితోనే సరిపోతాయి, కాంపౌండ్ డబ్బా మూత తీయాల్సిన పనే ఉండదు.

ఇంకా మసక మిగిలితే అప్పుడు ఫినిషింగ్ పాలిష్, అంటే అన్నిటికన్నా మెత్తటి రకం, ఫోమ్ ముక్క మీద బఠాణీ గింజంత పెట్టి, అరచేయంత జాగాలో చేత్తో చేయండి. ఇక్కడే ఎక్కడ ఆగాలో తెలియాలి. మొదట గుడ్డకి వచ్చేది బూడిద కలిసిన మురికి నలుపు. మెరుపు వచ్చేశాక కూడా మీరు రుద్దుతుంటే చిక్కటి, శుభ్రమైన నలుపు రావడం మొదలవుతుంది. అది మంచి పెయింటు. మెరుపు వచ్చి, గుడ్డ మీద చిక్కటి నలుపు కనపడితే చేయి ఆపేయండి. అంచుల మీద ఎక్కడైనా నలుపు కాని వేరే ఛాయ, పలచగా తొంగి చూసినట్టు కనపడిందంటే ప్రైమర్ దగ్గరికి వచ్చేశారు, ఆ చోటుని ఇక ఎప్పుడూ పాలిష్‌తో ముట్టుకోకూడదు, వ్యాక్స్ మాత్రమే. నేనైతే అంచుల మీద, మూత చుట్టూ ఫినిషింగ్ పాలిష్ కూడా వాడను, గ్లేజ్‌తో సరిపెడతాను.

మెషిన్ గురించి అడుగుతారని తెలుసు. ఆటోనగర్లలో చాలాచోట్ల యాంగిల్ గ్రైండర్‌కే బఫింగ్ బిళ్ల తగిలించి పాలిష్ పడతారు. అది నిమిషానికి పదకొండు వేల చుట్ల దాకా తిరిగే యంత్రం, ఇనుము కోయడానికి చేసింది. గుండ్రంగా తిరిగే పాలిష్ మెషిన్లు దానికి ఎక్కడో కింద, ఎక్కువగా మూడు వేల దరిదాపుల్లోనే తిరుగుతాయి. బుల్లెట్ ట్యాంకు గుండ్రటి మలుపు మీద గ్రైండర్ ఒక్క క్షణం నిలబడితే పెయింటు కాలిపోతుంది. బండి వాళ్లకి అప్పగించి టీ తాగి రావడం లాంటివి చేయకండి.

గోల్డ్ లైన్ల దగ్గర ఏం చేయాలో విడిగా చెప్తాను. ఆ గీత పెయింటు మీద ఇంకో పలచటి పొర, దాని మీద ఇంకే రక్షణా ఉండదనే అనుకోండి. గోరు మెల్లగా అడ్డంగా పోనిస్తే ఎత్తు తెలుస్తుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లని నీళ్లలో తడిపి, గీత చివర ఒక చిన్న ముక్క మీద తేలిగ్గా దొర్లించి చూడండి. దూదికి బంగారు రంగు అంటిందంటే ఆ గీతల మీద తడి గుడ్డ కూడా రుద్దకూడదు. అంటకపోతే తడి దూదితో మట్టి తీసి వదిలేయండి. మాస్కింగ్ టేపు అంటించమని ఇంటర్నెట్లో చెప్తారు, కొత్త గీతలకి బాగానే ఉంటుంది, ఇంత పాత గీత టేపు ఊడదీసేటప్పుడు టేపుతోనే వచ్చేయొచ్చు. చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని గీతకి సమాంతరంగా, పక్కనే, వేలితో చేయండి. టైం పడుతుంది. గీతకి రెండు పక్కలా ఒక సన్నటి మసక పట్టీ మిగిలినా పర్లేదు, రెండడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడదు.

పోనివి కూడా కొన్ని ఉంటాయి, ముందే తెలుసుకుంటే టెన్షన్ ఉండదు. పెట్రోలు మూత చుట్టూ పెట్రోలు ఒలికి పట్టిన మరకలు, బుడగలు పోవు. సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు పోవు, పైగా తెల్ల పాలిష్ వాటిలో దూరి ఇంకా స్పష్టంగా కనపడతాయి, అందుకే అలాంటి చోట తెల్లగా ఎండే పాలిష్ వాడకండి. గోరు తట్టుకునే గీత ఏదైనా అలాగే ఉండనివ్వండి. పెయింటు పూర్తిగా పోయి ఇనుము తుప్పు కనిపించే చుక్కల మీద మాత్రం సన్న బ్రష్షుతో రస్ట్ కన్వర్టర్ చుక్కంత పెట్టండి, తుప్పు నల్లగా మారుతుంది, నల్ల బండి కాబట్టి సగం కలిసిపోతుంది. పక్క పెయింటు మీదికి జారితే వెంటనే తుడిచేయాలి.

చివరగా కార్నౌబా పేస్ట్ వ్యాక్స్ పలచగా ఒక చేయి. గ్లేజ్ పెట్టిన నూనె దానికదే నిలబడదు, పైన వ్యాక్స్ లేకపోతే కొన్ని వారాల్లో మళ్లీ మసక మొదలవుతుంది. డ్యాష్‌బోర్డు మెరవడానికి కొట్టే సిలికాన్ స్ప్రేలు ట్యాంకు మీద వద్దు. రేపు ఎప్పుడైనా చిన్న టచప్ చేయించాల్సి వస్తే, ఆ సిలికాన్ మీద కొత్త పెయింటు పట్టక చేప కళ్లలాంటి గుంటలు పడతాయి.

ఇక క్రోమ్. మొదట ఒక సంగతి మనసులో పెట్టుకోండి: క్రోమ్ తుప్పు పట్టదు. మీకు కనిపించే గోధుమరంగు దాని కింద ఉన్న ఇనుముది. ఇనుము మీద నికెల్ పూత ఉంటుంది, దాని మీద క్రోమ్. నికెల్ మందం పది, ఇరవై మైక్రాన్ల లెక్కలో ఉంటే, పైన క్రోమ్ ఒక మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. ఆ పొరల్లో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, సముద్రపు గాలిలో ఉప్పు తడి వాటిగుండా ఇనుము దాకా దిగుతుంది, తుప్పు పైకి పొంగి క్రోమ్ మీద పరుచుకుంటుంది. కాకినాడలో షెడ్డులో ఉన్న బండికి ఇంతే వచ్చిందంటే మీరు అదృష్టవంతులు. అంటే మనం చేయాల్సింది పైన పరుచుకున్న తుప్పుని తీయడం, క్రోమ్ జోలికి పోకుండా.

దీనికి నేను ఎక్కువ వాడేది చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్. ముక్క చింపి ఉండలా నలిపి, సబ్బు నీళ్లలో ముంచి, తుప్పు మీద తేలిగ్గా రుద్దండి. ఫాయిల్ క్రోమ్ కన్నా చాలా మెత్తన, అందుకే తుప్పు పోతుంది గానీ క్రోమ్ మీద గీత పడదు. నల్లటి గుజ్జులాంటిది వస్తుంది, తుడుస్తూ, ఫాయిల్ మారుస్తూ చేయండి. హెడ్‌లైట్ రింగుతో మొదలుపెట్టండి, చిన్నది కాబట్టి చేయి అలవాటవుతుంది. తుడిచి, ఎండాక, ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడండి. గోధుమ చుక్క ఉన్నచోట ఇప్పుడు సూదిమొనంత నల్ల చుక్క కనపడుతుంది. అది మరక కాదు, రంధ్రం. ఎంత రుద్దినా పోదు, పోవాలని రుద్దితే పెద్దదవుతుంది.

గిన్నెలు తోమే స్టీలు పీచు వద్దు, ఆకుపచ్చ స్క్రబ్బర్ అసలే వద్దు, దాంట్లో గరుకు పొడి ఉంటుంది, క్రోమ్ మీద గీతలు పడితే అవి శాశ్వతం. బాత్‌రూమ్ యాసిడ్, టాయిలెట్ క్లీనర్ పెట్టి కడిగితే తుప్పు నిమిషంలో పోతుందని ఎవరైనా చెప్తే నిజమే చెప్తున్నారు, తుప్పుతో పాటు క్రోమ్ కూడా పోతుంది. ప్లేటింగ్ షాపుల్లో పాత క్రోమ్ ఊడదీయడానికి వాడేది ఆ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌నే. దాని ఆవిరికి పక్కనున్న ఇనుప సామాను కూడా తుప్పు పడుతుంది.

ఫాయిల్‌కి లొంగని చోట, విప్పి తీయగలిగే చిన్న భాగాలకి, ఆక్సాలిక్ యాసిడ్ వాడొచ్చు. కెమికల్ షాపుల్లో పొడిగా దొరుకుతుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లలో 20 నుంచి 30 గ్రాములు, ప్లాస్టిక్ టబ్బులో కలపండి. ఇది విషం; గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి, పొడి పీల్చకండి, వంటింటి గిన్నెలు వాడకండి, పిల్లలకి అందనివ్వకండి. హెడ్‌లైట్ రింగుని ముంచి అరగంటకోసారి తీసి చూడండి, రాత్రంతా మర్చిపోయి వదిలేయకండి. హ్యాండిల్ లాంటి పెద్దదానికి గుడ్డ తడిపి చుట్టి పైన ప్లాస్టిక్ కవర్ కప్పొచ్చు, కానీ నీరు కారి ట్యాంకు మీదో ఇంజిన్ కవర్ల మీదో పడకుండా చూసుకోవాలి, అల్యూమినియం మసకబారుతుంది. జింకు పూత ఉన్న నట్లు, స్పోకులు ఇందులో వేయొద్దు, తుప్పు కన్నా ముందు జింకుని తినేస్తుంది. తీశాక నీళ్లతో కడిగి, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, మళ్లీ కడిగి వెంటనే ఆరబెట్టాలి. ఆరబెట్టడంలో ఆలస్యమైతే గంటలోనే కొత్త తుప్పు పసుపు పొరలా కనపడుతుంది.

ఆరాక అదే వ్యాక్స్ క్రోమ్‌కి కూడా బాగా పట్టించి, కాసేపాగి తుడవండి. రంధ్రాలు అలాగే ఉన్నాయి కదా, వ్యాక్స్ వాటిని తాత్కాలికంగా మూస్తుంది. మీ ఊళ్లో అయితే నెలకోసారి, వానాకాలంలో ఇంకా తొందరగా, మళ్లీ పెట్టాల్సిందే. ప్లాస్టిక్ కవర్ కప్పి తడి లోపల బంధించకండి, నూలు దుప్పటి చాలు.

రీక్రోమ్ గురించి: ఏ భాగానికి అవసరమో గోరుతో తెలుస్తుంది. తుప్పు చుక్క గోరుకి చదునుగా తగిలితే పైన చెప్పింది సరిపోతుంది. బుడగలా ఉబ్బి తగిలితే, అంచు లేచి ఉంటే, నికెల్ కింద నుంచి ఇనుము పొంగుతోంది, అది పాలిష్‌తో రాదు. అక్కడ కూడా పెచ్చు గీకి తీయకండి, వ్యాక్స్ పెట్టి వదిలేయండి. రీక్రోమ్‌కి ఇస్తే ముందు పాత పూత ఊడదీసి, ఇనుముని అరగదీసి బఫ్ చేస్తారు. రిమ్ము మీద, బ్రాకెట్ల మీద కొట్టిన అక్షరాలుంటే పలచబడతాయి, గుంటలు పడ్డ ఇనుము ఇంకా సన్నబడుతుంది.

మీరు అడిగిన మూడింటిలో నాకు అనుమానం రిమ్ముల మీదే. స్పోకు నిపుల్స్ చుట్టూ తడి నిలుస్తుంది, అక్కడ ఫాయిల్ ముక్కని పాత టూత్‌బ్రష్ చివర చుట్టి చేయాలి, విసుగు పుట్టే పని. ముందు ఒక్క నిపుల్ చుట్టూ శుభ్రం చేసి, ట్యూబు తీయించి రిమ్ము లోపలి వైపు కూడా చూడండి. లోపల పొరలు పొరలుగా తుప్పు రాలుతుంటే అది అందం సంగతి కాదు, బలం సంగతి, ఆ రిమ్ము మార్చాల్సిందే. పాతది పారేయకుండా దాచుకోండి. లోపల బాగుంటే నిపుల్స్ దగ్గరా, ప్యాడ్ కిందా ఫొటోలు తీసి పెట్టండి, చూసి చెప్తాను.